స్ట్రైక్ పడ్డాక 90 రోజుల లెక్క

తెలుగువారికి స్ట్రైక్ అనగానే మొదట గుర్తుకొచ్చేది సమ్మె, క్రికెట్ చూసేవారికైతే బౌలరును ఎదుర్కొనే బ్యాటరు వంతు. యూట్యూబ్ ఛానెల్ నడిపేవారు ‘స్ట్రైక్ పడింది’ అన్నప్పుడు వినిపించే మాట ఈ రెండింటికీ సంబంధించినది కాదు. అది అమెరికావారి బేస్‌బాల్ ఆట నుంచి వచ్చింది. ఆ ఆటలో మూడు స్ట్రైకులు పడిన బ్యాటరు అవుటై వెనుదిరుగుతాడు. ఒక తప్పుకు ఎవరినీ ఆట నుంచి పంపరు గానీ, తప్పులను లెక్క పెడతారు, లెక్క మూడుకు చేరితే ఇక మినహాయింపు ఉండదు. యూట్యూబ్ సంస్థ ఈ పద్ధతిని తన వేదిక మీదికి తెచ్చుకుని, ఆటలో లేని ఒక అంశాన్ని దానికి జోడించింది. ఇక్కడ ప్రతి స్ట్రైకుకూ ఒక ఆయుష్షు ఉంటుంది, అది తీరగానే ఆ స్ట్రైకు లెక్కలోంచి తప్పుకుంటుంది. ఛానెల్ నడిపేవారిని ఎక్కువగా తికమక పెట్టేది ఈ ఆయుష్షే.

వీడియోను తొలగించడం, స్ట్రైక్ వేయడం ఒకటే అన్న అభిప్రాయం విస్తారంగా ఉంది గానీ అవి రెండు వేర్వేరు పనులు. నియమానికి విరుద్ధంగా ఉన్న వీడియోను ప్రేక్షకులకు కనబడకుండా చేయడం తొలగింపు, ఆ తప్పు ఫలానా తేదీన ఈ ఛానెల్ చేసిందని ఖాతాలో నమోదు చేసి దానికి శిక్షను జతపరచడం స్ట్రైక్. మొదటిది వీడియోకు సంబంధించినది, రెండోది ఛానెల్‌కు సంబంధించినది. అందువల్లనే స్ట్రైక్ పడిన తరువాత కంగారుపడి ఆ వీడియోను తామే చెరిపేసినవారికి ప్రయోజనం కలగదు. వీడియో పోతుంది, నమోదు మాత్రం అలాగే ఉంటుంది. పైగా యజమాని అప్పటికే చెరిపేసిన వీడియో మీద కూడా స్ట్రైక్ వేసే అధికారాన్ని యూట్యూబ్ తన నియమాల్లో అట్టే పెట్టుకుంది.

స్ట్రైకులు రెండు జాతులు. వేదిక మీద ఏది ఉండవచ్చు, ఏది ఉండకూడదు అని యూట్యూబ్ స్వయంగా రాసుకున్న నియమావళికి కమ్యూనిటీ గైడ్‌లైన్స్ అని పేరు. హింస, ద్వేషం, మోసం, పిల్లల భద్రత, ప్రమాదకరమైన విన్యాసాలు వంటి విషయాలు దాని పరిధిలోకి వస్తాయి, వాటిని మీరితే పడేది గైడ్‌లైన్స్ స్ట్రైక్. ఇతరుల పాటనో సినిమా ముక్కనో వార్తా దృశ్యాన్నో అనుమతి లేకుండా వాడినప్పుడు, హక్కుదారు చట్టబద్ధంగా తొలగింపు అభ్యర్థన పంపితే పడేది కాపీరైట్ స్ట్రైక్. మొదటి జాతిలో ఫిర్యాదు ఎవరు చేసినా తీర్పరి యూట్యూబే, రెండో జాతిలో కదలిక హక్కుదారు నుంచి మొదలవుతుంది. ఈ రెండింటి లెక్కలూ వేర్వేరుగా సాగుతాయి కాబట్టి ఒక గైడ్‌లైన్స్ స్ట్రైకును, రెండు కాపీరైట్ స్ట్రైకులను కలిపి మూడుగా లెక్కించరు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవి మూడు స్ట్రైకుల హద్దు, 90 రోజుల ఆయుష్షు, ఆ ఆయుష్షు కూడా కాపీరైట్ విషయంలో ఒక షరతుకు లోబడి ఉంటుంది.

హెచ్చరిక, ఆ పైన మూడు మెట్లు

గైడ్‌లైన్స్ తోవలో మొదటి తప్పుకు సాధారణంగా స్ట్రైక్ పడదు, హెచ్చరిక వస్తుంది. 2019 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన మార్పులతో ఏర్పడిన మెట్టు ఇది. వీడియో తొలగిపోతుంది గానీ ఛానెల్ మీద వేరే శిక్ష ఉండదు. అయితే హెచ్చరిక దానంతట అది కాలం తీరిపోయే వస్తువు కాదు. స్ట్రైకుకు 90 రోజుల ఆయుష్షు ఉంటే, తేలికదిగా కనిపించే హెచ్చరిక శాశ్వతంగా ఖాతాలో నిలిచి ఉండడం ఈ వ్యవస్థలోని ఒక వింత. 2023 ఆగస్టులో దీనికి ఒక వెసులుబాటు కల్పించారు. ఏ నియమం మీద హెచ్చరిక వచ్చిందో ఆ నియమం గురించి యూట్యూబ్ ఇచ్చే చిన్న శిక్షణను పూర్తి చేస్తే, అలా పూర్తి చేసిన రోజు నుంచి 90 రోజులకు హెచ్చరిక తొలగిపోతుంది. హెచ్చరిక వచ్చిన రోజు నుంచి కాక శిక్షణ పూర్తయిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది కాబట్టి, నెల రోజులు ఆలస్యం చేసినవారికి గడువు కూడా నెల రోజులు వెనక్కు జరుగుతుంది. ఆ 90 రోజుల్లో అదే నియమాన్ని మళ్లీ మీరితే హెచ్చరిక తొలగకపోవడమే కాక స్ట్రైక్ కూడా పడుతుంది, వేరే నియమాన్ని మీరితే మరొక హెచ్చరిక వస్తుంది.

హెచ్చరిక ఉండగా మరో తప్పు జరిగితే మొదటి స్ట్రైక్. దానితో ఒక వారం పాటు ఛానెల్‌కు కొత్త వీడియోలు ఎక్కించడం, ప్రత్యక్ష ప్రసారం చేయడం, పోస్టులు పెట్టడం వంటి పనులన్నీ ఆగిపోతాయి. ఆ వారంలో బయటికి వచ్చేలా ముందే సమయం పెట్టి ఉంచిన వీడియోలు ప్రైవేటుగా మారిపోతాయి, వారం ముగిసినా అవి వాటంతట అవి బయటికి రావు, మళ్లీ సమయం పెట్టుకోవలసిందే. మొదటి స్ట్రైక్ బతికి ఉండగానే రెండోది పడితే ఆ నిలుపుదల రెండు వారాలకు పెరుగుతుంది. రెండూ బతికి ఉండగా మూడోది పడితే ఛానెల్‌ను శాశ్వతంగా తొలగిస్తారు. మరీ తీవ్రమైన దుర్వినియోగం అని తేలిన సందర్భాల్లో ఈ మెట్లేవీ లేకుండా ఒక్కసారికే ఛానెల్‌ను తీసివేసే నియమం కూడా ఉంది గానీ, సాధారణంగా తప్పులు నడిచే దారి ఈ మూడు మెట్లదే.

ఇక్కడ రెండు గడియారాలు ఏకకాలంలో నడుస్తున్నాయన్నది గుర్తిస్తే సగం తికమక తీరుతుంది. వారం లేదా రెండు వారాలు నడిచేది నిలుపుదల గడియారం, అది ఆగగానే అప్‌లోడ్ మీట మళ్లీ పనిచేస్తుంది. 90 రోజులు నడిచేది స్ట్రైక్ గడియారం, అది ఆగే వరకూ ఆ స్ట్రైక్ లెక్కలో ఉంటుంది. ఎనిమిదో రోజున వీడియో ఎక్కింది కాబట్టి స్ట్రైక్ పోయిందని సంతోషించడం ఛానెల్ యజమానులు చేసే అతి సాధారణమైన పొరపాటు. నిజానికి ఆ రోజుకు స్ట్రైకుకు ఇంకా పన్నెండు వారాలకు దగ్గరగా ఆయుష్షు మిగిలి ఉంటుంది, మొదటి స్ట్రైక్ నాటి అజాగ్రత్తే మళ్లీ జరిగితే అది నేరుగా రెండో మెట్టుకు చేరుస్తుంది. నిలుపుదల కాలంలో తమకున్న వేరే ఛానెల్ ద్వారా అవే వీడియోలను బయటికి పంపడం కూడా ఆంక్షను తప్పించుకోవడంగానే పరిగణన పొందుతుంది, దానివల్ల ఛానెల్‌నే కోల్పోయే ప్రమాదముంది.

రెండో పొరపాటు మరింత సూక్ష్మమైనది. రెండో స్ట్రైక్ పడగానే మొదటిదాని గడువు కూడా పెరిగిపోతుందని కొందరు, మొదటిదాని గడువు తీరగానే రెండోది కూడా దానితోపాటే పోతుందని మరికొందరు అనుకుంటారు. రెండూ నిజం కావు. ప్రతి స్ట్రైకూ తాను పడిన క్షణం నుంచి తన 90 రోజులను తానే లెక్కించుకుంటుంది, పక్కనున్న స్ట్రైక్ ఉనికి దాన్ని పొడిగించదు, తగ్గించదు. మూడు స్ట్రైకులు అన్నప్పుడు ఛానెల్ పుట్టినప్పటి నుంచి పడినవన్నీ కాక, ఆ రోజున బతికి ఉన్నవాటినే లెక్కించాలి.

సంక్రాంతి కోళ్లతో ఒక లెక్క

ఈ సూత్రాన్ని తేదీలతో నడిపి చూస్తే గాని దాని పట్టు తెలియదు కనుక, గోదావరి జిల్లాల పండుగ సంబరాలను చూపించే ఒక ఛానెల్‌ను ఊహించుకోవచ్చు. మనుషులు ఉసిగొల్పి జంతువులను పోట్లాడించే దృశ్యాలను యూట్యూబ్ నియమాలు జంతుహింస కింద నిషేధించాయి, కోడిపందేలు ఆ కోవలోకే వస్తాయి. భోగి నుంచి కనుమ దాకా బరుల దగ్గర తీసిన దృశ్యాలను ఉత్సాహంగా ఎక్కించేవారికి ఈ సంగతి స్ట్రైక్ పడిన తరువాతే తెలుస్తుంటుంది. పండుగ సంప్రదాయమన్న వాదన నియమం ముందు నిలుస్తుందన్న ధీమా వారిలో చాలామందికి ఉంటుంది గానీ, ఆ నియమం పండుగను చూడదు, బరిలోని కోడిని చూస్తుంది. మనం ఊహించిన ఛానెల్‌కు అంతకుముందే ఒక హెచ్చరిక వచ్చిందని, శిక్షణ తీసుకోకపోవడంతో అది అలాగే ఉండిపోయిందని అనుకుందాం.

2025 జనవరి 16న, కనుమ మరునాడు, పందెం వీడియో ఒకటి తొలగి మొదటి స్ట్రైక్ పడింది. నిలుపుదల జనవరి 23తో తీరిపోయింది. స్ట్రైక్ గడువును లెక్కించాలంటే జనవరిలో మిగిలినవి 15 రోజులు, ఫిబ్రవరివి 28, మార్చివి 31, వెరసి 74. తొంభైకి కావలసినవి ఇంకా 16 కాబట్టి గడువు ఏప్రిల్ 16న తీరుతుంది. ఫిబ్రవరి 20న రెండో స్ట్రైక్ పడింది. ఈసారి తొలగినది రెండేళ్ల క్రితం సంక్రాంతికి ఎక్కించిన పాత వీడియో. ఎప్పుడో ఎక్కించినదానికి ఇప్పుడు శిక్షేమిటన్న ప్రశ్న సహజమే గానీ, నియమం ఇప్పుడున్న వీడియోలన్నింటికీ వర్తిస్తుంది, గడువు మాత్రం వీడియో ఎక్కించిన తేదీ నుంచి కాక స్ట్రైక్ వేసిన తేదీ నుంచే మొదలవుతుంది. మొదటి స్ట్రైక్ ఇంకా బతికే ఉంది కనుక నిలుపుదల రెండు వారాలు, మార్చి 6 వరకు. రెండో స్ట్రైక్ గడువు ఫిబ్రవరిలో 8, మార్చిలో 31, ఏప్రిల్‌లో 30, మేలో 21 రోజులు కలిసి మే 21న తీరుతుంది.

ఇప్పుడు ఛానెల్ భవిష్యత్తు మూడో తప్పు ఏ రోజున బయటపడుతుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. అది ఏప్రిల్ 12న జరిగితే రెండు స్ట్రైకులు బతికి ఉన్నాయి కాబట్టి కొత్తది మూడోదవుతుంది, ఛానెల్ పోతుంది. అదే తప్పు ఏప్రిల్ 20న జరిగితే మొదటి స్ట్రైక్ నాలుగు రోజుల ముందే గతించింది, ఫిబ్రవరిది ఒక్కటే మిగిలింది, కనుక కొత్తది రెండోదే అవుతుంది, మే 4 వరకు రెండు వారాల నిలుపుదలతో సరిపోతుంది. ఎనిమిది రోజుల తేడాలో ఒకచోట ఛానెల్ మిగులుతోంది, మరోచోట పోతోంది. ఏప్రిల్ 20న పడినదాని గడువు జూలై 19. అయితే ఏప్రిల్ 20 నుంచి మే 21 దాకా మళ్లీ రెండు స్ట్రైకులు ఒకేసారి బతికి ఉంటాయి కాబట్టి, అక్కడి నుంచి ఈ ఛానెల్‌కు అసలైన గండం ఆ నెల రోజులదే.

ఈ తేదీల్లో ఒక చిక్కును గమనించాలి. 90 రోజులంటే మూడు నెలలని నోటి లెక్కగా చెప్పుకోవడం పరిపాటి. జనవరి 16 విషయంలో ఆ లెక్క సరిగ్గా సరిపోయింది, ఫిబ్రవరి 20కి మూడు నెలలు మే 20 అయితే అసలు గడువు మే 21, ఏప్రిల్ 20కి మూడు నెలలు జూలై 20 అయితే అసలు గడువు జూలై 19. నెలల నిడివి మారుతుంది గనుక తేడా ఒకసారి అటు, ఒకసారి ఇటు వస్తుంది. చేతి లెక్క మీద నమ్మకం లేనివారు ఏ స్ప్రెడ్‌షీటులోనైనా ఈ సూత్రం రాస్తే సరిపోతుంది:

```
=DATE(2025,2,20)+90
```

జవాబు ఏదో పెద్ద అంకెగా కనబడితే ఆ గడిని తేదీ రూపంలోకి మార్చుకోవాలి, అప్పుడు మే 21 అని చూపిస్తుంది. ఈ లెక్క ముందుచూపుకు పనికొస్తుంది గానీ తుది మాట యూట్యూబ్ స్టూడియోలో రాసి ఉన్న తేదీదే. స్ట్రైక్ ఆయుష్షు పడిన సమయం నుంచి లెక్కకు వస్తుంది కనుక, గడువు రోజు తెల్లవారగానే సందేహాస్పదమైన వీడియో ఎక్కించడం వివేకం కాదు, ఒకటి రెండు రోజులు ఆగి, స్ట్రైక్ తొలగిందని కళ్లతో చూసుకోవడమే పద్ధతి.

గడువు ఎక్కడ రాసి ఉంటుంది

స్ట్రైక్ పడినప్పుడు ఖాతాకు జతచేసిన చిరునామాకు ఈమెయిల్ వస్తుంది, ఫోనులోనూ కంప్యూటరులోనూ సూచన కనిపిస్తుంది. కానీ ఈమెయిల్‌ను ఆధారంగా తీసుకోవడంలో ఒక ముప్పుంది. ‘మీ ఛానెల్‌కు స్ట్రైక్ పడింది, వివరాలకు ఈ ఫైలు తెరవండి’ అంటూ వచ్చే దొంగ ఉత్తరాలు ఛానెళ్లను కాజేసేవారికి ఇష్టమైన ఎర. భయపడి ఆ ఫైలు తెరిచినవారి లాగిన్ వివరాలు దొంగల చేతికి చిక్కుతాయి. యూట్యూబ్ ఉత్తరాలు youtube.com లేదా google.com చిరునామాల నుంచే వస్తాయి గానీ, పంపినవారి చిరునామాను కూడా నమ్మించేలా చూపే ఎత్తుగడలు ఉన్నాయి కనుక ఉత్తరంలోని లింకును తాకకుండా బ్రౌజరులో studio.youtube.com అని స్వయంగా టైపు చేసి లోపలికి వెళ్లడమే క్షేమం. నిజంగా పడిన స్ట్రైక్ అక్కడ కనబడి తీరుతుంది, అక్కడ లేని స్ట్రైక్ లేనట్టే.

స్టూడియోలోకి వెళ్లగానే ఎడమవైపు వరుసలో పైన ఉండే Dashboard పేజీలో Channel violations అనే కార్డు ఉంటుంది. ఉల్లంఘన నమోదై ఉన్న ఛానెల్‌కు బతికి ఉన్న స్ట్రైకులు ఎన్నో అది చూపుతుంది. దాన్ని తెరిస్తే ఏ వీడియో, ఏ నియమం, ఏ తేదీన పడింది, ఎప్పుడు గడువు తీరుతుంది అన్న వివరాలతోపాటు అప్పీలు చేసుకునే దారి కూడా అక్కడే ఉంటుంది. కాపీరైట్ విషయానికి వేరే తోవ ఉంది. ఎడమవైపు Content పేజీకి వెళ్లి, పైన ఉన్న వడపోత పట్టీలో Copyright ఎంచుకుంటే అటువంటి వీడియోలే మిగులుతాయి. వాటి పక్కన Restrictions అనే నిలువు వరుసలో ఉన్న Copyright మాట మీద మౌస్ ఉంచి See details తాకితే, హక్కుదారు ఎవరు, వీడియోలోని ఏ భాగం మీద ఫిర్యాదు, అది స్ట్రైకా లేక ఉట్టి క్లెయిమా అన్నది తెలుస్తుంది.

చూసుకునే చోట జరిగే పొరపాటు కూడా ఒకటుంది. ఒకే గూగుల్ ఖాతా కింద రెండు మూడు ఛానెళ్లు నడిపేవారు ఒక ఛానెల్‌లో ఉండి మరో ఛానెల్ స్ట్రైక్ కోసం వెతుకుతుంటారు. కార్డు కనబడకపోతే స్ట్రైక్ పోయిందనుకునే ముందు, కుడివైపు పైమూలనున్న బొమ్మ తాకి, తెరిచి ఉన్నది ఏ ఛానెలో నిర్ధారించుకోవాలి. స్ట్రైక్ తేదీని, గడువు తేదీని ఆ రోజే తెరపట్టుగా తీసి ఉంచుకుంటే, గడువు తీరాక ఆ వివరాలు కనబడకపోయినా ఛానెల్ చరిత్ర చేతిలో ఉంటుంది.

వివరాలు చదివాక స్ట్రైక్ అన్యాయమని తోస్తే అదే చోటి నుంచి అప్పీలు చేయవచ్చు. ఒక్కో గైడ్‌లైన్స్ స్ట్రైకుకు ఒక్క అప్పీలే, అది కూడా పడిన నాటి నుంచి 90 రోజుల లోపు. ఫలితం మూడు విధాలుగా ఉండవచ్చు. వీడియో తప్పులేనిదని తేలితే అది తిరిగి వస్తుంది, స్ట్రైక్ పోతుంది. నియమాన్ని మీరలేదు గానీ పిల్లలు చూడదగినది కాదని తేలితే వయసు పరిమితితో తిరిగి వస్తుంది, స్ట్రైక్ పోతుంది. మొదటి నిర్ణయమే సరైనదని తేలితే ఉన్నదంతా ఉన్నట్టే ఉంటుంది. ఒక్కసారే దక్కే అవకాశం గనుక కోపంతో రెండు వాక్యాలు రాసి పంపడం దాన్ని చేజేతులా పోగొట్టుకోవడమే అవుతుంది. వీడియోలో ఏ నిమిషంలో ఏముందో, అది ఆ నియమం మాటల్లో ఎందుకు పట్టదో చెప్పగలిగితేనే చదివేవారికి పునరాలోచించడానికి ఆధారం దొరుకుతుంది.

కాపీరైట్ స్ట్రైకుకు ఉన్న షరతు

కాపీరైట్ స్ట్రైక్ వెనుక అమెరికా 1998లో చేసిన డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం ఉంది. వినియోగదారులు పెట్టినదానికి వేదిక బాధ్యత వహించకుండా ఆ చట్టం కాపాడుతుంది, అయితే అందుకు ప్రతిగా హక్కుదారు అడిగితే తొలగించాలని, పదేపదే ఉల్లంఘించేవారిని పంపించివేసే విధానం ఉండాలని షరతు పెట్టింది. మూడు స్ట్రైకుల లెక్క ఆ షరతును నెరవేర్చే పద్ధతి. హైదరాబాదులోనో రాజమహేంద్రవరంలోనో కూర్చుని ఛానెల్ నడిపేవారు కూడా ఈ ఒక్క వ్యవహారంలో కాలిఫోర్నియా సంస్థ పాటించే అమెరికా చట్టం నీడలోకి వస్తారు.

తెలుగు ఛానెళ్లలో ‘కాపీరైట్ పడింది’ అన్న మాటను రెండు భిన్నమైన సంగతులకు వాడుతుంటారు. సినిమా పాట చరణమొకటి నేపథ్యంలో వినిపిస్తే, హక్కుదారులు ముందే అప్పగించిన పాటలతో ప్రతి వీడియోనూ పోల్చిచూసే కంటెంట్ ఐడీ అనే యంత్ర వ్యవస్థ దాన్ని పట్టుకుంటుంది. అప్పుడు వచ్చేది క్లెయిమ్. ప్రకటనల ఆదాయం హక్కుదారుకు పోవచ్చు, వీడియో కొన్ని దేశాల్లో కనబడకపోవచ్చు, కానీ అది స్ట్రైక్ కాదు, దానికి 90 రోజుల గడువూ లేదు, ఆ పాట వీడియోలో ఉన్నంతకాలం ఆ క్లెయిమ్ నిలవవచ్చు. హక్కుదారు చట్టప్రకారం తొలగింపు కోరినప్పుడే స్ట్రైక్ పడుతుంది. క్లెయిమును సవాలు చేసి, అది తిరస్కరణకు గురైతే అప్పీలు చేసి, అదీ వీగిపోతే హక్కుదారు తొలగింపు కోరవచ్చు. స్ట్రైక్ లేని చోట మొదలైన వివాదం అలా స్ట్రైక్ దాకా వెళ్లగలదు కాబట్టి, హక్కు నిజంగా తమదో కాదో తేల్చుకోకుండా ప్రతి క్లెయిమునూ సవాలు చేయడం నష్టదాయకం.

మొదటి కాపీరైట్ స్ట్రైక్ 90 రోజులకు తీరాలంటే కాపీరైట్ స్కూల్ అనే చిన్న పాఠాన్ని, దాని ప్రశ్నలను పూర్తి చేయాలన్నది ముందు చెప్పిన షరతు. దాన్ని పక్కన పెట్టి, తేదీ కోసం ఎదురు చూస్తూ కూర్చున్నవారు 90 రోజులు గడిచినా స్ట్రైక్ పోలేదని ఆశ్చర్యపోతుంటారు. స్ట్రైక్ పడిన రోజే ఆ పని ముగించుకోవడం ఉత్తమం. కొన్ని సందర్భాల్లో హక్కుదారు తొలగింపును వెంటనే కాక ఏడు రోజుల గడువుతో కోరతాడు. ఆ ఏడు రోజుల్లోగా యజమాని తానే వీడియోను చెరిపేస్తే స్ట్రైక్ పడకుండా తప్పుతుంది. చెరిపివేత పనికొచ్చే సందర్భం ఇదొక్కటే, అది కూడా స్ట్రైక్ పడకముందే గనుక.

గడువు దాకా ఆగకుండా కాపీరైట్ స్ట్రైకును తొలగించుకునే దారులు రెండే. హక్కుదారును సంప్రదించి ఫిర్యాదును ఉపసంహరించుకోమని కోరడం ఒకటి, ప్రతివాద నోటీసు పంపడం రెండోది. ప్రతివాద నోటీసు అంటే, తొలగింపు పొరపాటున జరిగిందని, తప్పు చెబితే చట్టప్రకారం బాధ్యుణ్నని, అమెరికా ఫెడరల్ న్యాయస్థానం పరిధికి లోబడతానని అసలు పేరు, చిరునామాలతో ఇచ్చే లిఖితపూర్వక ప్రకటన. దాన్ని యూట్యూబ్ ఫిర్యాదుదారుకు పంపుతుంది, అమెరికా పనిదినాల లెక్కన 10 రోజుల్లోగా ఆయన కోర్టుకు వెళ్లినట్టు రుజువు చూపకపోతే వీడియోను తిరిగి పెడుతుంది, స్ట్రైకును తీసివేస్తుంది. శని, ఆదివారాలు, అక్కడి సెలవులు లెక్కలోకి రావు కనుక ఆ పది రోజులు ఇక్కడి క్యాలెండరులో రెండు వారాలకు తగ్గవు. ఇంటి చిరునామా ఎదుటివారి చేతికి వెళుతుందన్న సంగతి తెలియక పంపి, తరువాత బాధపడినవారు ఉన్నారు.

ఉపసంహరణ అన్న దారిలోనే బేరసారాలకు కూడా చోటుంది. 2019 ఆగస్టులో యూట్యూబ్ అమెరికాలోని నెబ్రాస్కాలో ఒక వ్యక్తి మీద దావా వేసింది. తనవి కాని వీడియోల మీద దొంగ ఫిర్యాదులు పంపి స్ట్రైకులు వేయించి, అవి తొలగాలంటే డబ్బు ఇవ్వాలని బెదిరించాడన్నది అభియోగం. 2025 మే నెలలో మన దేశంలో కొందరు యూట్యూబర్లు ఇటువంటిదే గానీ చట్టం దృష్టిలో చాలా భిన్నమైన వివాదాన్ని ముందుకు తెచ్చారు. తమ వీడియోల్లో కొన్ని సెకన్ల దృశ్యాలు వాడినందుకు ఒక వార్తా సంస్థ స్ట్రైకులు వేసి, వాటిని ఉపసంహరించేందుకు లైసెన్సు రుసుము పేరిట భారీ మొత్తాలు అడిగిందని వారు ఆరోపించగా, తన సొత్తు మీద హక్కును చట్టబద్ధంగా వినియోగించుకుంటున్నానని ఆ సంస్థ బదులిచ్చింది. నెబ్రాస్కాలో హక్కే లేదు, ఇక్కడ దృశ్యాల మీద హక్కు ఉంది, వాడకం న్యాయమైనదా కాదా అన్నదే తగవు. అయినా రెండుచోట్లా ఛానెల్ యజమానిని ఒత్తిడిలోకి నెట్టింది 90 రోజుల గడియారమే. రెండు స్ట్రైకులు బతికి ఉన్న ఛానెల్‌కు మూడోది పడుతుందన్న భయం ముందు న్యాయమైన వాడకమన్న వాదన నిలబెట్టుకునే తీరిక ఉండదు.

మూడు కాపీరైట్ స్ట్రైకులు ఒకేసారి బతికి ఉంటే ఆ ఛానెల్‌తోపాటు దానికి అనుబంధంగా ఉన్న ఛానెళ్లు కూడా తొలగింపుకు గురవుతాయి. ప్రకటనల ఆదాయం పంచుకునే భాగస్వామ్య పథకంలో ఉన్నవారికి మాత్రం ఏడు రోజుల వ్యవధి ఇస్తారు. ఆ వారంలో కొత్త వీడియోలు ఎక్కించలేకపోయినా పాతవి కనబడుతూనే ఉంటాయి, ఉపసంహరణ కోరడానికో ప్రతివాద నోటీసు పంపడానికో సమయం దొరుకుతుంది. నోటీసు పంపి ఉంటే దాని సంగతి తేలే వరకు ఛానెల్‌ను మూయరు.

ఇక 90 రోజులు నిండి స్ట్రైక్ తొలగిన తరువాత ఏది మారుతుంది, ఏది మారదు అన్నది మిగిలింది. భాగస్వామ్య పథకానికి దరఖాస్తు చేయాలంటే బతికి ఉన్న గైడ్‌లైన్స్ స్ట్రైక్ ఉండకూడదన్న నిబంధన ఉంది కాబట్టి, చందాదారుల సంఖ్య చాలినా ఆగిపోయినవారికి ఆ రోజుతో దారి తెరుచుకుంటుంది. తొలగిన వీడియో మాత్రం గడువు తీరినంత మాత్రాన తిరిగి రాదు. పాత హెచ్చరిక ఉంటే, శిక్షణ పూర్తి చేసి ఉంటే తప్ప అదీ పోదు. మన ఊహా ఛానెల్ జూలై 19 తరువాత స్ట్రైకులేవీ లేకుండా 2026 సంక్రాంతికి చేరినా, ఆ హెచ్చరిక చెరగలేదు కనుక మళ్లీ బరి దగ్గర తీసిన మొదటి వీడియోకే నేరుగా స్ట్రైక్ పడుతుంది.